మాత్ర మింగిందా అన్నది సగం ప్రశ్నే

(ఆరోగ్య హక్కుల మీద పనిచేసే మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు నేను ఒక స్త్రీ గురించి, ఆమె పిడికిట్లో ఉన్న అయిదు మాత్రల గురించి మాట్లాడతాను. నేను డాక్టర్ని కాను. సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. గర్భిణీ స్త్రీలు ఆరోగ్య వ్యవస్థతో ఎలా నెట్టుకొస్తున్నారో తెలుసుకోవడానికి ఊళ్లు తిరుగుతుంటాను. మందుల విషయంలో ఇక్కడ చెప్పేదంతా వైద్యుల దగ్గర, ఫార్మసిస్టుల దగ్గర కూర్చుని సరిచూసుకున్నదే.

ఆమె పేరు చెప్పను. పత్తి చేలల్లో కూలికి పోతుంది. నేను కలిసేనాటికి ఐదో నెల. నాలుగో నెలలో పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 9.2 గ్రాములు వచ్చింది. గర్భిణికి 11 కన్నా తక్కువుంటే రక్తహీనత కింద లెక్క. కాబట్టి రోజుకు రెండు ఐరన్ మాత్రలు రాశారు. గర్భిణులందరికీ ఇచ్చినట్టే రెండు కాల్షియం మాత్రలు ఇచ్చారు. థైరాయిడ్ కూడా సరిగా లేదని తేలింది. టీఎస్‌హెచ్ 5.8 ఉంది. దానికి 50 మైక్రోగ్రాముల మాత్ర ఒకటి. మొత్తం రోజుకు అయిదు.

నెల తర్వాత మళ్లీ పరీక్ష చేశారు. హిమోగ్లోబిన్ 9.3. టీఎస్‌హెచ్ తగ్గకపోగా 6.4కి పెరిగింది. అప్పుడు ఆసుపత్రి వరండాలో, పదిమంది ఎదుట ఆమెని అడిగిన ప్రశ్న ఇది: "మాత్రలు మింగుతున్నావా, పారేస్తున్నావా?"

ఆమె ఒక్కటి కూడా పారేయలేదు. ఆశా కార్యకర్త దగ్గర ఖాళీ పట్టీల లెక్క ఉంది, రిజిస్టరులో నెలంతా టిక్కులున్నాయి. అత్తగారు కూడా సాక్ష్యం చెప్పింది. అయినా ఆమె మాట ఎవరూ నమ్మలేదు. థైరాయిడ్ మోతాదు 75కి పెంచారు. ఐరన్ పనిచేయడం లేదు కాబట్టి ఇంజెక్షన్ల కోసం జిల్లా ఆసుపత్రికి పొమ్మన్నారు. అంటే పోయిన ప్రతిసారీ ఒక కూలి పోతుంది, రెండు బస్సులు మారాలి, తోడుగా వచ్చే మనిషి కూలి కూడా పోతుంది.

నేను ఆమెని వేరే ప్రశ్న అడిగాను. "ఎప్పుడు వేసుకుంటున్నవమ్మా?"

"పొద్దుగాల అయిదింటికి, చాయ్‌తోని."

"అన్నీనా?"

"అన్నీ ఒక్కసారే. థైరాయిడ్‌ది పరగడుపున వేసుకోమన్నరు గద. మల్ల ఒక్కొక్కటి యాది పెట్టుకునుడెట్ల? దానితోపాటే అన్నీ వేసుకుంటున్న."

ఆమె ఆలోచనలో లోపం ఎక్కడుందో చెప్పండి. ఒక మాత్రకు వేళ చెప్పారు, మిగిలినవాటికి చెప్పలేదు. రోజూ మరిచిపోకుండా వేసుకోమన్నారు. మరిచిపోకుండా ఉండే మార్గం ఆమె కనిపెట్టుకుంది. సరిగ్గా ఆ మార్గమే అయిదు మాత్రల్నీ నిష్ఫలం చేసే మార్గమైంది. మన వ్యవస్థ మింగిన మాత్రల్ని లెక్కపెడుతుంది. ఆ మాత్ర ఒంటికి పట్టిందా అన్నది లెక్కపెట్టదు. పట్టకపోతే తప్పు ఆ స్త్రీదే అవుతుంది.

దీన్ని రెండు భాగాలుగా చూద్దాం. ఒకటి, మాత్ర మీద రాసిన అంకె ఏం చెబుతుంది. రెండు, ఏ మాత్ర దేనికి అడ్డం వస్తుంది.

ముందు అంకె సంగతి. చాలా మాత్రల్లో ఇనుమును ఇనుముగా పెట్టరు. ఎక్కువగా మరో పదార్థంతో కలిపిన లవణంగా పెడతారు. ఫెర్రస్ సల్ఫేట్, ఫెర్రస్ ఫ్యూమరేట్, ఫెర్రస్ గ్లూకోనేట్, ఫెర్రస్ ఆస్కార్బేట్ అని మీరు పట్టీల మీద చూసే పేర్లన్నీ ఆ లవణాలవే. వేరుశనగ కాయలు తూకం వేస్తే పొట్టు బరువు కూడా కలిసే వస్తుంది కదా. కిలో కాయల్లో కిలో పప్పు ఉండదు. లవణం బరువు కాయల బరువు లాంటిది. అందులో ఉన్న అసలు ఇనుము పప్పు బరువు. ఈ రెండో బరువునే లేబుల్ మీద ఎలిమెంటల్ ఐరన్ అంటారు. మన ఒంటికి లెక్కకు వచ్చేది అదొక్కటే.

కొన్ని కాయలకు పొట్టు ఎక్కువ, కొన్నిటికి తక్కువ. ఫెర్రస్ ఫ్యూమరేట్‌లో మూడో వంతు అసలు ఇనుము. నీటి అణువులతో కూడిన మామూలు ఫెర్రస్ సల్ఫేట్‌లో అయిదో వంతు. ఫెర్రస్ గ్లూకోనేట్‌లో ఎనిమిదో వంతు మాత్రమే. కాబట్టి 300 మి.గ్రా. ఫెర్రస్ సల్ఫేట్ అంటే 60 మి.గ్రా. ఇనుము. అదే 300 మి.గ్రా. ఫెర్రస్ గ్లూకోనేట్ అయితే దాదాపు 35 మి.గ్రా.

ఇది తెలియక ఏం జరుగుతుందో చూడండి. ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మి.గ్రా. ఎలిమెంటల్ ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. 2018లో వచ్చిన రక్తహీనత నిర్మూలన కార్యక్రమం, అనీమియా ముక్త్ భారత్, గర్భిణులకు ఈ మోతాదు పెట్టింది. అంతకు ముందు 100 మి.గ్రా. ఉండేది. ఇంట్లో ఎవరో ఆ 60ని చూస్తారు. షాపులో దొరికే మాత్ర మీద 300 అని చూస్తారు. "సర్కారు మాత్రలో ఏముంది, దీన్లో అయిదింతలుంది" అని డబ్బు పెట్టి కొంటారు. నిజానికి అది దానితో సమానం కావచ్చు, తక్కువ కూడా కావచ్చు. ఒకటి అసలు ఇనుము అంకె, ఇంకొకటి లవణం అంకె. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

కాల్షియంలో ఈ మోసపోవడం ఇంకా ఎక్కువ. 2014లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గర్భిణికి 14వ వారం నుంచి కాన్పయిన ఆరు నెలల వరకు రోజుకు రెండు మాత్రలు ఇవ్వాలి. ఒక్కోదానిలో 500 మి.గ్రా. ఎలిమెంటల్ కాల్షియం, 250 యూనిట్ల విటమిన్ డి3 ఉండాలి. అంటే రోజుకు 1000 మి.గ్రా. అసలు కాల్షియం. ఇందులో వాడేది కాల్షియం కార్బొనేట్. దానిలో వందకు 40 పాళ్లు కాల్షియం. అందుకే 500 కావాలంటే 1250 మి.గ్రా. కార్బొనేట్ పెట్టాలి. పట్టీ మీద రెండు అంకెలూ ఉంటాయి.

నేను చూసిన ఒక ఇంట్లో ఈ మాత్రలు పెద్దగా ఉన్నాయని, మింగుడు పడటంలేదని మానేసి, షాపులో కాల్షియం సిట్రేట్ 1000 అని ఉన్నది తెచ్చుకున్నారు. "అయిదొందలవి రెండు బదులు వెయ్యిది ఒకటి" అని లెక్క. కాని సిట్రేట్‌లో వందకు 21 పాళ్లే కాల్షియం. వెయ్యి మి.గ్రా. సిట్రేట్‌లో దాదాపు 210. రోజుకు 1000 అందాల్సిన మనిషికి 210 అందుతోంది, అదీ సొంత డబ్బుతో. సిట్రేట్ చెడ్డ మందని నేననడం లేదు. దానికి కడుపులో ఆమ్లం అంతగా అవసరం లేదు, భోజనం లేకుండా కూడా వేసుకోవచ్చు. గ్యాస్ మాత్రలు వాడేవాళ్లకు డాక్టర్లు అదే రాస్తారు. కాని ఎన్ని మాత్రలు వేసుకోవాలన్నది అసలు కాల్షియం అంకె చూసి లెక్క కట్టాలి.

కాబట్టి పట్టీ చేతికి రాగానే వెదకాల్సిన మాట ఎలిమెంటల్. ఇంగ్లీషు చదవలేని కార్యకర్త కూడా ఆ మాట ఆకారాన్ని గుర్తుపట్టగలదు. మేము ఒక ఖాళీ పట్టీని అట్టకు అంటించి ఆ మాట కింద ఎర్రగీత గీసి నేర్పించాము. సాధారణంగా లవణం పేరు, దాని బరువు ముందుంటాయి. దానికి సమానమైన ఎలిమెంటల్ ఐరన్ లేదా కాల్షియం ఇంత అన్న వాక్యం ఆ తర్వాత వస్తుంది. ఆ రెండో అంకె చదవాలి. ఆ మాట ఎక్కడా లేకపోతే ఆ పెద్ద అంకె లవణం బరువేమో అని అనుమానించి ఫార్మసిస్టును అడగాలి. ఇంకొక విషయం. పట్టీని ముక్కలుగా కత్తిరించి నాలుగు మాత్రలు చేతిలో పెడితే పేరు, మోతాదు, గడువు తేదీ అన్నీ షాపులోనే ఉండిపోతాయి. తను మింగేది ఏమిటో తెలుసుకునే హక్కు ఆ కత్తెర దగ్గరే తెగిపోతుంది. కత్తిరించక తప్పకపోతే ఆ వివరాలు కాగితం మీద రాసివ్వమని అడగాలి.

ఇప్పుడు రెండో సంగతి, వేళ. పట్టీ మీద 60 అని ఉన్నా, ఆ 60 మొత్తం రక్తంలోకి పోదు. ఎవరికైనా అందులో కొద్ది భాగమే పేగు గోడ దాటుతుంది. ఆ కొద్దిపాటి కూడా దాటకుండా అడ్డుపడేవి ఉన్నాయి. టీలో, కాఫీలో ఉండే వగరు పదార్థాలు ఇనుమును పట్టుకుని కరగనివ్వవు. కాల్షియం ఇనుముతో పాటే పేగు దగ్గరికి చేరితే ఇనుము లోపలికి పోవడం తగ్గుతుంది. ఇక థైరాయిడ్ మాత్ర. అందులోని లెవోథైరాక్సిన్‌ను ఇనుమూ పట్టేసుకుంటుంది, కాల్షియమూ పట్టేసుకుంటుంది. అలా కట్టుకుపోయిన మందు పేగు దాటదు, మలంలో బయటికి పోతుంది. అందుకే థైరాయిడ్ మాత్రకూ ఈ రెంటికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలంటారు. ఐరన్‌కూ కాల్షియానికీ మధ్య రెండు గంటలు. ఐరన్‌కూ టీకీ మధ్య కనీసం గంట.

ఇంకో చిక్కుంది. కాల్షియం కార్బొనేట్ కరగాలంటే కడుపులో ఆమ్లం కావాలి, అది భోజనంతో ఊరుతుంది. కాబట్టి దాన్ని తిండితోనే వేసుకోవాలి. ఐరన్ బాగా పట్టేది తిన్న రెండు గంటలకు, కడుపు తేలికగా ఉన్నప్పుడు. అంటే ఒకటి అన్నంతో, ఒకటి అన్నానికి దూరంగా. రెండు కాల్షియం మాత్రలు కూడా ఒకేసారి కాదు. ఒక భోజనంతో ఒకటి, ఇంకో భోజనంతో ఇంకొకటి.

ఇప్పుడు మన చెల్లెలు అయిదింటి పిడికిలికి తిరిగి వద్దాం. థైరాయిడ్ మందును ఐరన్, కాల్షియం కలిసి పట్టేశాయి. ఐరన్‌ను కాల్షియం ఒక పక్క, చాయ్ ఒక పక్క అడ్డుకున్నాయి. కాల్షియానికి పరగడుపున తగినంత ఆమ్లం దొరకలేదు. అయిదు మాత్రలు మింగింది. రిజిస్టరులో అయిదుకూ టిక్కు పడింది.

ఆమె రోజును ఆమె దగ్గరే కూర్చుని రాశాము. నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. కాగితం మీద చక్కగా గీసుకుపోయి, సాయంత్రం చేను నుంచి వచ్చాక అయిదున్నరకు ఐరన్ పెట్టాను. "ఆ యాళ్లకు చాయ్ తాగుత అక్కా. దినమంతట్ల నేను కూసొని తాగేది గదొక్కటే" అంది. గంటసేపు ఆగి తాగమని చెప్పడం నాకు తేలిక. ఆరున్నరకి ఆమె పొయ్యి దగ్గర ఉంటుంది, చాయ్ ఉండదు. చాయ్ మానమని చెప్పే సలహా ఆమె జీవితంలో ఎక్కడా ఇమడదు. కాబట్టి చాయ్‌ని దాని చోటే ఉంచి మాత్రను జరిపాము.

తేలిన లెక్క ఇది. పొద్దున అయిదింటికి థైరాయిడ్ మాత్ర, ఉత్త నీళ్లతో. ఆరింటికి చాయ్. మధ్యాహ్నం ఒంటిగంటకు చేలో సద్ది విప్పినప్పుడు అన్నంతో ఒక కాల్షియం. థైరాయిడ్‌కి దానికి ఎనిమిది గంటల ఎడం వచ్చింది. నాలుగింటికి అందరూ మంచినీళ్లకు ఆగినప్పుడు ఒక ఐరన్. కాల్షియం నుంచి మూడు గంటలు, చాయ్‌కి ఇంకా గంటన్నర. రాత్రి ఏడున్నరకు అన్నంతో రెండో కాల్షియం. పదింటికి పడుకోబోయేముందు రెండో ఐరన్. రాత్రి పదింటికి, పొద్దున అయిదింటికి మధ్య ఏడు గంటలు కాబట్టి థైరాయిడ్‌కి ఇబ్బంది లేదు. మధ్యాహ్నం మాత్రలు రెండూ కొంగున కట్టుకోవద్దని, తడి తగలని చిన్న డబ్బాలో వేసి సద్ది మూటలో పెట్టుకోమని చెప్పాము.

ఈ కాగితం తీసుకుని ఆమెతో డాక్టరు దగ్గరికి పోయాము. ఇది ముఖ్యం, దయచేసి గుర్తుపెట్టుకోండి. థైరాయిడ్ మోతాదు అప్పటికే పెంచి ఉంది. ఇప్పుడు వేళ సరిచేస్తే ఇంతకాలం వృథాగా పోయిన మందు కూడా లోపలికి పోతుంది. మోతాదు ఎక్కువ కావచ్చు. అందుకని డాక్టరుకు జరిగింది చెప్పి మళ్లీ పరీక్ష చేయించాలి. మోతాదు మనం మార్చకూడదు. ఆ డాక్టరు ఓపిగ్గా విన్నారు. 75 అలాగే ఉంచి నాలుగు వారాలకు పరీక్షకు రమ్మన్నారు, ఇంజెక్షన్ల మాట అప్పటిదాకా ఆపారు. నాలుగు వారాల తర్వాత టీఎస్‌హెచ్ 2.1, హిమోగ్లోబిన్ 10.4.

ఇందులో ఎంత భాగం వేళ మార్చడం వల్ల వచ్చిందో నేను తేల్చి చెప్పలేను. థైరాయిడ్ మోతాదు కూడా పెరిగింది కదా. గర్భంలో ఆ అవసరం ఎలాగూ పెరుగుతుంది. ఒక్క మనిషి కథ పరిశోధన కాదు. కాని ఇనుము విషయంలో ఒక కొలబద్ద ఉంది. సరిగా వేసుకుంటే నెల రోజుల్లో హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే పై ఆసుపత్రికి పంపాలని ప్రభుత్వ మార్గదర్శకమే చెబుతోంది. మొదటి నెలలో ఆమెకు పెరిగింది 0.1. రెండోసారి 1.1. వేళ సరిచేశాక కూడా పెరగకపోతే అప్పుడు అసలు కారణం వేరే ఉందని అర్థం. కొంకి పురుగులు కావచ్చు, బి12 లోపం కావచ్చు, తలసీమియా, సికిల్ సెల్ లాంటి పుట్టుకతో వచ్చే రక్తదోషం కావచ్చు, ఎక్కడో రక్తం పోతుండవచ్చు. వేళ గురించి అడగడం ఆ పరీక్షల్ని ఆపడానికి కాదు. ముందు తేలికైన ప్రశ్న అడిగి, తర్వాత కష్టమైనదానికి పోవడానికి.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ ఎడం లెక్కల్ని మడి కింద మార్చకండి. ఐరన్, కాల్షియం కలిపితే ఒక పూట ఇనుము పట్టడం బాగా తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. కాని నెలల తరబడి చూసిన అధ్యయనాల్లో రక్తం మీద అంత తేడా కనిపించలేదు. కాబట్టి ఏదో ఒకరోజు వేళ తప్పితే భయపడి మాత్ర పారేయనక్కర్లేదు. ఐరన్ వల్ల వికారం వస్తే కొంచెం తిండితో వేసుకోమనండి. పట్టేది కొంత తగ్గుతుంది, పూర్తిగా మానేయడం కన్నా నయం. మలం నల్లగా రావడం మామూలే, ముందే చెబితే బెదిరి మానేయరు. గట్టిగా పట్టి ఉంచాల్సింది థైరాయిడ్ మాత్రకు ఇవ్వాల్సిన ఎడాన్ని. ఆ మందు పాలు కొద్దిగా తగ్గినా పరీక్షలో తేడా తెలుస్తుంది.

మీలో హెచ్ఐవీతో జీవిస్తున్న స్త్రీలతో పనిచేసేవాళ్లు ఉన్నారు. వాళ్లు వాడే మాత్రలో డోలుటెగ్రావిర్ ఉంటే దాన్ని కూడా ఐరన్, కాల్షియం పట్టేస్తాయి. పరగడుపున అయితే వీటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. భోజనంతో అయితే కలిపి వేసుకోవచ్చు. అయితే ఆ స్త్రీ తన మాత్ర సంగతి అత్తగారి ఎదుట చెప్పలేదు. అందుకని "ఇంకేమైనా మాత్రలు వాడుతున్నావా" అనే ప్రశ్న ఎప్పుడూ ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. ఏ మాత్ర అని చెప్పమని నిలదీయకూడదు. "వేరే మాత్ర ఏదైనా ఉంటే దానికీ ఐరన్‌కీ ఎంత ఎడం ఉండాలో ఆ మందు ఇచ్చినవాళ్లని అడుగు" అంటే చాలు.

చివరగా మన సంఘాలు చేయాల్సిన పని. మా రిజిస్టరులో ఇప్పుడు "మింగిందా" అన్న గడి పక్కన ఇంకో రెండు గడులు గీశాము. "ఎప్పుడు, దేనితో" అన్నది ఒకటి. "ఇంకే మాత్రలున్నాయి" అన్నది రెండోది, దాంట్లో మందు పేరు రాయం, ఉన్నదీ లేనిదీ మాత్రమే రాస్తాం. ఈ రెండు గడులూ ప్రభుత్వ కార్డులో కూడా ఉండాలని అడుగుదాం. చీటీ మీద "ఒకటి, సున్నా, ఒకటి" అని రాసి వదిలేయకుండా, ఏది అన్నంతో, ఏది అన్నానికి దూరంగా అన్నది తెలుగులో రాసివ్వమని అడుగుదాం.

ఆమెని నేను చివరిసారి కలిసినప్పుడు ఆ కాగితం గోడకు అంటించి ఉంది. నాలుగింటి గడి పక్కన ఎవరో నీళ్ల చెంబు బొమ్మ గీశారు. ఎవరు గీశారంటే పక్క చేలో పనిచేసే గర్భిణి అని చెప్పింది. ఆమెకూ మాత్రలున్నాయట. ఇప్పుడు ఇద్దరూ నీళ్లకు ఒకేసారి ఆగుతున్నారు.